ఖర్చు పెట్టేది నేను, నోట్‌బుక్ రాసేది మా ఆవిడ: మొదటి ఏడాది బడ్జెట్ ఎక్కడ తేడా కొడుతోంది?

గాలిపటం

పెళ్లై ఐదు నెలలైంది. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. అసలు అంకెలు ఇక్కడ పెట్టడం ఇష్టం లేదు కాబట్టి ఇద్దరి జీతాలూ కలిపి నెలకు 100 అనుకోండి. అందులో 60 నాది, 40 మా ఆవిడది.

ముందే ఒప్పుకుంటున్నాను, చెయ్యి ధారాళం నాదే. నచ్చింది కనిపిస్తే కొనేస్తాను. నలుగురం బయటికి వెళ్తే బిల్లు నా ముందుకే వస్తుంది, నేనూ కట్టేస్తాను. ఆవిడ పూర్తిగా వేరే రకం. చెప్పులు తెగితే కుట్టించుకుంటుంది గానీ కొత్తవి కొనదు. ఇంట్లో ప్రతి ఖర్చునూ నోట్‌బుక్‌లో రాస్తుంది.

ప్రతి నెలా కనీసం 15 మిగలాలని మొదట్లోనే అనుకున్నాం. ఐదు నెలల్లో ఏమన్నా మిగిలింది రెండో నెల, ఐదో నెల మాత్రమే. నెలాఖరున ఆవిడ నోట్‌బుక్ తెరిచి నా ఖర్చులు ఒక్కొక్కటీ చదువుతుంది. అరవదు, తిట్టదు, చదువుతుంది అంతే. అదే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

నాకు అర్థం కానిది ఒక్కటే. మూడో నెల, నాలుగో నెల నేను నిజంగానే తగ్గించుకున్నాను. ఆ రెండు నెలల్లోనే ఏమీ మిగల్లేదు. మరి డబ్బు ఎటు పోయింది?

సూటిగా

ఎటు పోయిందో మీరే రాశారుగా, బయటి బిల్లులకి. క్రెడిట్ కార్డు ముక్కలు చేసి, జీతం మొత్తం మీ ఆవిడ చేతిలో పెట్టండి. ఎవరికి లెక్క వచ్చో వాళ్ల దగ్గర డబ్బు ఉండాలి. మా ఇంట్లో అలాగే నడుస్తోంది, ఏ గొడవా లేదు.

వానచినుకు

సూటిగా గారూ, గొడవ లేదని మీరంటున్నారు. మీ ఇంట్లో డబ్బు చేతిలో లేనివాళ్లు ఏమంటారో మరి.

మాది అచ్చం అలాగే మొదలైంది. మా ఆయన జాగ్రత్తపరుడు, నేను గాలిపటం గారి బాపతు. మొదటి ఏడాది నా జీతం మొత్తం ఉమ్మడి ఖాతాలోకి వెళ్లేది. తలకు పెట్టుకునే క్లిప్పు కొనాలన్నా చెప్పాల్సి వచ్చేది. వద్దని ఆయన ఎప్పుడూ అనలేదు, 'ఇంకొకటి ఉందిగా' అనేవారు. నాలుగు నెలల తర్వాత నేనేం చేశానో తెలుసా? కొన్నవన్నీ ఆఫీసు డ్రాయర్‌లో దాచి, ఒక్కొక్కటీ మెల్లగా ఇంటికి తెచ్చి 'ఇది పాతదే' అనేదాన్ని. ఖర్చు తగ్గలేదు, అబద్ధాలు పెరిగాయి.

చివరిబెంచీ

బ్రో, నెలాఖరున ఏదో ఒక పని పెట్టుకుని బయటికి వెళ్లిపో. నోట్‌బుక్ చదివే టైమ్‌కి మనిషి దొరక్కపోతే టెన్షనే లేదు.

గాలిపటం

చివరిబెంచీ, చదవకుండా తప్పించుకోవడం కాదు నాకు కావాల్సింది. లెక్క ఎందుకు తప్పుతోందో తెలియాలి.

పాతపద్దు

చిన్న సంస్థలకు పద్దులు చూడటం నా వృత్తి. తెలిసినవాళ్ల ఇంటి లెక్కలు కూడా అడపాదడపా చూస్తుంటాను. నాకు రెండు విషయాలు తెలియాలి.

మొదటిది, ఒకటి, మూడు, నాలుగు నెలల్లో ప్రతి నెలా రాని ఖర్చు ఏదైనా తగిలిందా?

రెండోది, మీరు కార్డు మీద కొన్నది ఆవిడ నోట్‌బుక్‌లో ఏ తేదీన రాస్తారు? కొన్న రోజునా, బిల్లు కట్టిన రోజునా?

గాలిపటం

మొదటి నెల ఇల్లు సర్దుకోవడానికి సామాన్లు. మూడో నెల వాహన బీమా. నాలుగో నెల నా స్నేహితుడి పెళ్లి, ప్రయాణం, కానుక. అయినా ఇవన్నీ అనుకోకుండా వచ్చినవి కదా, బడ్జెట్‌లో ఎలా పెడతాం?

కార్డు సంగతి ఆవిడని అడిగాను. బిల్లు కట్టిన రోజున మొత్తం ఒకే అంకెగా రాస్తుందట.

పాతపద్దు

అయితే సగం జవాబు దొరికినట్టే.

కార్డు సంగతి ముందు చూద్దాం. రెండో నెలలో మీరు కొన్నవి మూడో నెలలో బిల్లుగా వచ్చాయి. మీరు మూడో నెలలో తగ్గించుకున్నారు, ఆ నెల నోట్‌బుక్‌లో మాత్రం రెండో నెల దుబారా కనిపించింది. మీరు కొన్న రోజును గుర్తుపెట్టుకుంటారు, ఆవిడ కట్టిన రోజును రాస్తారు. మీ ఇద్దరి లెక్కలూ ఒక నెల ఎడంగా నడుస్తున్నాయి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, అందుకే ఆ గొడవ తెగదు.

దీనికి మార్గం, కొన్న రోజునే రాసుకోవడం, అంతే డబ్బు ఆ రోజే విడిగా ఒక ఖాతాలోకి జరిపి కార్డు బిల్లు కోసం అట్టిపెట్టడం. మారే నెలలో మాత్రం దెబ్బ తగులుతుంది. పాత బిల్లూ కట్టాలి, కొత్త ఖర్చుకూ డబ్బు పక్కన పెట్టాలి. ఆ ఒక్కసారికి చేతిలో ఉన్న పొదుపు వాడుకోక తప్పదు.

ఇక రెండోది. వాహన బీమా అనుకోకుండా వచ్చిందంటున్నారు. అది ప్రతి ఏడాదీ అదే తేదీకి వస్తుంది. మీకు కొత్త, అంతే. పెళ్లికి ముందు ఎవరి ఖర్చులు వాళ్లు ఎలాగోలా సర్దుకునేవారు. ఇప్పుడు రెండు జీవితాల తాలూకు ఏడాది ఖర్చులన్నీ ఒకే ఇంటి మీద పడుతున్నాయి, కానీ ఏది ఎప్పుడు వస్తుందన్న చరిత్ర ఈ ఇంటికి ఇంకా లేదు. నెలవారీ బడ్జెట్ ఎంత బాగా రాసినా మొదటి ఏడాది అది తప్పేది ఇక్కడే. నింద మాత్రం కళ్లకు కనిపించే ఖర్చు మీదికి, అంటే మీ మీదికి వస్తుంది. మీరేం నిర్దోషి అని నేననట్లేదు లెండి.

ఇద్దరూ కూర్చుని వచ్చే 12 నెలల్లో రాబోయే ఇలాంటి ఖర్చులు నెలతో సహా రాసి ఇక్కడ పెట్టండి. చేతిలో పొదుపు ఎంతుందో, కార్డు మీద ఎంత బాకీ ఉందో కూడా చెప్పండి.

గాలిపటం

నిన్న రాత్రి కూర్చున్నాం. గొడవ పడకుండా రెండు గంటలు డబ్బు గురించి మాట్లాడటం ఇదే మొదటిసారి అనుకుంటా.

వచ్చే నెలను 1 అనుకుంటే, 2వ నెలలో వాహనానికి టైర్లు 12, 3వ నెలలో మరదలి పెళ్లికి 18, 5వ నెలలో ఇద్దరికీ ఆరోగ్య బీమా 24, 8వ నెలలో సెలవుల ప్రయాణం 18, 10వ నెలలో వాహన బీమా 12, 12వ నెలకి కానుకలు, మరమ్మతులు కలిపి 12. మొత్తం 96. చూసి ఇద్దరం కాసేపు మాట్లాడలేదు. దాదాపు ఒక నెల జీతాలంత ఉంది!

చేతిలో పొదుపు 20 ఉంది. కార్డు బాకీ 9.

సూటిగా

96ని 12తో భాగిస్తే 8. నెలకు 8 పక్కన పెట్టండి, అయిపోయింది. దీనికి ఇంత చర్చ ఎందుకు?

పాతపద్దు

సూటిగా గారు చెప్పింది రెండో ఏడాది నుంచి సరిపోతుంది. మొదటి ఏడాదికి సరిపోదు, ఎందుకో చూడండి. నిధి సున్నాతో మొదలవుతుంది, పెద్ద ఖర్చులేమో ముందు నెలల్లోనే ఉన్నాయి.

నెలకు 8 వేస్తే 2వ నెలాఖరుకి 16 చేరుతుంది, టైర్లు పోను 4 మిగులుతుంది. 3వ నెలలో ఇంకో 8 కలిస్తే 12, పెళ్లికి 18 కావాలి. అప్పుడే 6 లోటు. 4వ నెలలో కాస్త పైకొచ్చి 2 అవుతుంది. 5వ నెలలో బీమా కట్టేసరికి 14 లోటు. ఏడాదిలో అన్నిటికంటే లోతైన గుంత అదే. ఏడాది చివరికి లెక్క సరిగ్గా సున్నాకి వస్తుంది నిజమే, కానీ 5వ నెలలో కట్టాల్సిన ప్రీమియం చివరిదాకా ఆగదు కదా. మళ్లీ కార్డు తీస్తారు, మళ్లీ నోట్‌బుక్ చదువుతారు.

కాబట్టి చూడాల్సింది సగటు కాదు, ఆ గుంత లోతు. దాన్ని ఇప్పుడే 14 వేసి పూడ్చవచ్చు, లేదా మొదటి ఐదు నెలలూ 8 బదులు 11 వేయవచ్చు. 11 వేస్తే 3వ నెలాఖరుకి 3 మిగులుతుంది, 5వ నెల బీమా కట్టాక 1 మిగులుతుంది. ఒక్కసారి కూడా సున్నా కిందికి పోదు. 6వ నెల నుంచి 8కి దిగవచ్చు.

మీ దగ్గరున్న 20లో 9 కార్డు బాకీకి పోతే 11 మిగులుతుంది. దాన్ని ముట్టుకోకండి, జబ్బో ఉద్యోగమో అడ్డం తిరిగితే మీకున్నది అదొక్కటే. అందుకే రెండో దారే నయం.

ఇక నెలవారీ ఖర్చులు ఎంతో రాయండి.

గాలిపటం

అద్దె, తిండి, కరెంటు, రాకపోకలు, ఫోన్లు, పెద్దవాళ్లకు పంపేది, అన్నీ కలిపి 58 దాకా. నా సొంత ఖర్చు 11 అనుకున్నాను, కొన్న తేదీల ప్రకారం కూడితే 14 తేలింది. ఆవిడది 3.

నీలిమేఘం

58, 14, 3 కలిపితే 75. అంటే 25 మిగలాలి. మీరేమో 15 కూడా మిగలట్లేదంటున్నారు. ఏడాది ఖర్చులు లేని నెలల్లో కూడా 10 తేడా వస్తోంది. ఏదో చెప్పట్లేదు మీరు.

చీమ

నమస్కారం, నోట్‌బుక్ మనిషిని నేనే. ఇప్పుడే ఈ చర్చ మొత్తం చదివాను. చెప్పులు కుట్టించుకున్న సంగతి కూడా ఇక్కడ రాయాలా అండీ?

నీలిమేఘం గారి లెక్క సరైనదే. మా ఆయన చెప్పనిది ఒకటుంది. పెళ్లికి ముందు తీసుకున్న అప్పుకి నెలకు 8 కిస్తీ కడుతున్నారు. అది 'నాది, నేను చూసుకుంటా' అంటారు, అందుకే లెక్కలో చెప్పరు. నా నోట్‌బుక్‌లో మాత్రం ఉంది.

నేను రాయనిది కూడా ఒకటుంది. నెలకు 5 నా పాత ఖాతాలో వేసుకుంటున్నాను. ఆయనకి నిన్న రాత్రి కూడా చెప్పలేదు, ఇక్కడ చదువుతారు. దాచుకోవాలని కాదు. ఏ నెలా ఏమీ మిగలకపోతే భయం వేసి మొదలుపెట్టాను.

వానచినుకు

అమ్మా చీమా, నాది డ్రాయరు, నీది ఖాతా. అంతే తేడా.

గాలిపటం

చదివాను. పక్క గదిలోనే ఉంది, వెళ్లి మాట్లాడి వస్తాను.

పాతపద్దు

మాట్లాడుకోండి. ఈలోగా లెక్క పూర్తి చేస్తాను. కిస్తీ కలిపితే ఖర్చు 83, ఆవిడ వేసుకునే 5తో 88. మామూలు నెలలో మిగిలేది 12. మీరు అనుకున్న 15 ఏ నెలా సాధ్యం కాదు, అది మొదటి నుంచీ తప్పుడు లక్ష్యమే.

నేనైతే 100ని ఇలా పంచుతాను. ఇంటి ఖర్చు 58, కిస్తీ 8, ఏడాది ఖర్చుల నిధికి 11, పొదుపు 7. మిగిలిన 16లో చెరో 8 సొంత డబ్బు. ఆ 8ని ఎలా వాడారో ఎవరూ ఎవరినీ అడగకూడదు, నోట్‌బుక్‌లో రాయకూడదు. ఆరో నెల నుంచి నిధికి 8, పొదుపుకి 10.

చీమ గారికి ఖర్చు 3, భయంతో దాచేది 5, కలిపితే సరిగ్గా 8. అంటే ఆమె చేసే పనేదీ మారక్కర్లేదు, అది రహస్యంగా ఉండక్కర్లేదంతే. గాలిపటం గారు మాత్రం 14 నుంచి 8కి దిగాలి. అది చాలా కష్టం, చెబుతున్నాను.

నీలిమేఘం

చెరో 8 అనడం నాకు నచ్చలేదు. ఆయన 60 తెస్తున్నారు, ఆమె 40. సంపాదన నిష్పత్తిలో పంచితే ఆయనకి 9.6, ఆమెకి 6.4 రావాలి. ఎక్కువ సంపాదించే మనిషి ఎక్కువ ఖర్చు పెట్టుకుంటే తప్పేముంది?

వానచినుకు

ఇంటి పని ఎవరు ఎంత చేస్తారన్న నిష్పత్తి కూడా లెక్కలోకి తీసుకుందామా మరి?

పాతపద్దు

నీలిమేఘం గారి పద్ధతి తప్పు కాదు, చాలామంది అలాగే చేస్తారు. సంపాదనలో తేడా వల్ల చేతికొచ్చేది ఇక్కడ 1.6 మాత్రమే మారుతుంది. ఈ ఇంట్లో సమస్య సంపాదన తేడా కాదు, అలవాటు తేడా. అందుకని నాకు సమానమే సులువనిపించింది. తేల్చుకోవాల్సింది వాళ్లు.

చీమ

నాకు సమానం ఫరవాలేదు. కిస్తీ మీదే నా అభ్యంతరం. అది నేను రాకముందు అప్పు. అందరి డబ్బులోంచి కట్టడమంటే అందులో నా 40 కూడా ఉంది కదా.

సూటిగా

ఈసారి నేను చీమ గారి వైపే. ఎవరి అప్పు వాళ్లదే.

పాతపద్దు

న్యాయంగా చూస్తే ఆమె వాదనలో బలముంది. అలా చేస్తే ఏమవుతుందో మాత్రం చూడండి. కిస్తీని ఉమ్మడిలోంచి తీసేస్తే సొంత డబ్బు చెరో 12 అవుతుంది. ఆయన 12లోంచి 8 కిస్తీ పోతే చేతిలో 4. నెలకు 14 అలవాటైన మనిషి 4తో రెండు నెలలు కూడా నిలవరు. మళ్లీ కార్డు బయటికొస్తుంది, ఈసారి మీకు తెలియకుండా. ఇంకెన్ని కిస్తీలున్నాయి?

గాలిపటం

ఇంకా 14. మాట్లాడుకున్నాం, ఆ ఒక్కటీ తేలలేదు. ప్రస్తుతానికి ఉమ్మడిలోంచే కడుతున్నాం. ఆవిడ ఆ అంకెను నోట్‌బుక్‌లో విడిగా రాసుకుంటోంది, ఎందుకో అడగలేదు.

గాలిపటం (రెండు నెలల తర్వాత)

ఏమైందో చెప్పమని ఇద్దరు ముగ్గురు అడిగారు.

మొదటి నెల నా 8 ఇరవయ్యో తేదీకే అయిపోయింది. పై నెల 8లోంచి 2 ముందుగా తీసుకున్నాను, ఇంటి డబ్బు ముట్టుకోలేదు. అలా పై నెలకి 6 మిగిలాయి. అవి ఇరవై రెండుకి అయిపోయాయి. మిగతా ఎనిమిది రోజులూ ఎక్కడికీ వెళ్లలేదు. స్నేహితులతో బిల్లు ఎవరిది వాళ్లం కట్టుకుందామని మొదటిసారి అన్నాను. వాళ్లు హాయిగా ఒప్పుకున్నారు, నాకే సిగ్గేసింది.

ఇంకో తేడా వచ్చింది. టైర్లు 12 కాదు, 15 అయ్యాయి. నిధిలో 10 ఉండాల్సింది 7 ఉంది.

పాతపద్దు

అయితే లెక్క ముందుకు నడిపి చూడండి. 3వ నెల 11 కలిస్తే 18, పెళ్లికి సరిగ్గా సరిపోతుంది, మిగిలేది సున్నా. 4, 5 నెలల్లో 22 చేరుతుంది, బీమాకి 24 కావాలి. 2 తక్కువ. ఆ రెండు నెలలూ 12 చొప్పున వేయండి, పొదుపు ఒక్కొక్కటి తగ్గించండి. ఏ అంకె మారినా ఇలా బీమా నెల దాకా ఒకసారి నడిపి చూసుకోవాలి. పెళ్లి ఖర్చు కూడా 18లో ఆగుతుందని నాకు నమ్మకం లేదు.

నీలిమేఘం

నెలాఖరు నోట్‌బుక్ పఠనం ఇంకా ఉందా?

చీమ

ఉంది, ఇంటి ఖర్చులు మాత్రమే. పావుగంటలో అయిపోతోంది. ఆయన సొంత ఖర్చు చదవడం మానేశాను. మొదటి నెల మాత్రం సంచులు ఇంట్లోకి వస్తుంటే లోపల ఏముందో అడగకుండా ఉండటానికి నాకు చాలా కష్టమైంది.

పోయిన వారం కొత్త చెప్పులు కొన్నాను, ఆఫీసుకి వేసుకోవడానికి. నా 8లోంచి ఇచ్చాను. ఆఫీసువి కాబట్టి ఇంటి ఖర్చులో రాయాలని ఆయన అంటున్నారు. అలా అయితే ఆయన ఆఫీసు షూ కూడా ఇంటి ఖర్చే అవుతుంది, దాని ధరేమో మూడింతలు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.